మీ పేరు డాట్ ఇన్

ఇంజినీరింగ్ చివరి ఏడాది పిల్లల రెజ్యూమెలు పది పక్కపక్కన పెట్టి చూడండి. పేర్లూ మార్కులూ తప్ప మిగతాదంతా ఒకే అచ్చులో ఉంటుంది. పైన కెరీర్ ఆబ్జెక్టివ్, కింద ‘పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అనే డిక్లరేషన్, మధ్యలో తండ్రి పేరు, పుట్టిన తేదీ, పాటలు వినడం, క్రికెట్ ఆడటం. సీనియర్ ఇచ్చిన వర్డ్ ఫైల్లో జూనియర్ తన పేరు మార్చుకుంటాడు. ఏడాది తిరిగేసరికి అతని ఫైలు ఇంకొకరికి చేరుతుంది.

ప్రాజెక్టు దగ్గరికి వచ్చేసరికి చిక్కు ఇంకా పెద్దది. అమీర్‌పేటలో డబ్బు కడితే కోడు, రిపోర్టు, పీపీటీ కలిపి చేతిలో పెట్టేవాళ్లున్నారన్న సంగతి ఇంటర్వ్యూ చేసేవాళ్లకు బాగా తెలుసు. వాళ్లలో చాలామంది ఆ దారి చూసొచ్చినవాళ్లే. కాబట్టి కాగితం మీద ‘ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ సిస్టమ్’ అని రాసి ఉంటే, అది రాత్రుళ్లు కూర్చుని రాసిందో, కొనుక్కొచ్చిందో చెప్పే ఆధారం ఏదీ ఆ కాగితంలో ఉండదు. నిజంగా కష్టపడ్డ కుర్రాడికి జరిగే నష్టం ఇదే.

ఆన్‌లైన్ రెజ్యూమె సైటు పనికొచ్చేది ఇక్కడ. రంగురంగుల డిజైన్‌తో పెద్దగా పని లేదు. చేసిన పనిని నొక్కి చూసుకునే వీలు, దాని వెనక కోడు చదువుకునే వీలు ఉండాలి. పీడీఎఫ్ రెజ్యూమెకు ఇది బదులు కూడా కాదు. కంపెనీల పోర్టళ్లు పీడీఎఫ్‌నే అడుగుతాయి. ఆ పీడీఎఫ్‌లో పేరు కింద, మెయిల్ ఐడీ పక్కన ఒక చిరునామా ఉంటుంది. చదివేవాళ్లకు ఆసక్తి కలిగితే దాన్ని నొక్కుతారు. అక్కడ వాళ్లకు ఏం కనబడాలన్నదే అసలు విషయం.

ఒక ఊహా ఉదాహరణతో మొత్తం చూద్దాం. వరంగల్ దగ్గరి పల్లెలో మిర్చి పండించే ఇంటి అమ్మాయి, బీటెక్ సీఎస్‌ఈ చివరి ఏడాది. ఇంట్లో ఎప్పుడూ వినబడే ప్రశ్నే ఆమెకు ప్రాజెక్టు అయింది. మిర్చి కోతలయ్యాక వెంటనే ఎనుమాముల మార్కెట్‌కు తోలాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ల వారీగా రోజువారీ ధరలు దొరుకుతాయి. క్వింటాలుకు కనిష్ఠం, గరిష్ఠం, ఆ రోజు ఎక్కువ సరుకు పలికిన ధర అందులో ఉంటాయి. ఆ లెక్కలు తెచ్చి, నెలలవారీగా ధర ఎలా నడిచిందో గ్రాఫుగా చూపించే చిన్న వెబ్ పేజీ చేసింది. గ్రాఫు గీయడానికి చార్ట్ డాట్ జేఎస్ అనే ఉచిత లైబ్రరీ వాడింది. ప్రాజెక్టు మొత్తం ఇంతే.

‘ఇంత చిన్నదా’ అనిపించవచ్చు. కానీ దీని గురించి చెప్పడానికి ఆమె దగ్గర నిజమైన కథ ఉంది.

మొదటిసారి గ్రాఫు గీసినప్పుడు ధర గీత మధ్యమధ్యలో సున్నాకు పడిపోయి మళ్లీ పైకి లేచింది. ఆదివారాలు, పండుగలు, మార్కెట్ బంద్ రోజులు. ఆ తేదీల గడులను ఆమె ఖాళీగా వదిలింది. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ గడిని అంకెగా మార్చమంటే తప్పు అని చెప్పదు, నిశ్శబ్దంగా సున్నా ఇస్తుంది. అంటే ఉగాది నాడు మిర్చి ఉచితం! కారణం దొరికాక ఒక్క వరుస మారిస్తే సరిపోయింది:

```js
const rate = cell === "" ? null : Number(cell);
```

‘ధర లేదు’ వేరు, ‘ధర సున్నా’ వేరు అని ఈ వరుస యంత్రానికి చెబుతుంది. ఇప్పుడు సెలవు రోజున గీత తెగి, మర్నాడు మళ్లీ మొదలవుతుంది. సైటులో ప్రాజెక్టు పేజీ రాసేటప్పుడు ఆమె పెట్టాల్సింది ఈ ముచ్చటే. ముందు ఏ ప్రశ్నకు జవాబు వెతికిందో రెండు వాక్యాలు. ధరలు ఎక్కడివో, ఏ తేదీ వరకు ఉన్నాయో ఒక వాక్యం. తర్వాత సున్నాల సంగతి, తప్పు గ్రాఫూ సరైన గ్రాఫూ పక్కపక్కన. చివరగా ఈ పేజీ ఏం చేయలేదో కూడా చెప్పాలి. ఇది గతాన్ని చూపిస్తుందే తప్ప రేపటి ధర చెప్పదు, తేజ రకాన్నీ మరో రకాన్నీ విడదీయదు. పరిమితిని తనంతట తాను చెప్పుకున్న అభ్యర్థిని ఇంటర్వ్యూలో ఇరుకున పెట్టడం కష్టం. ‘హెచ్‌టీఎంఎల్ 90 శాతం, జావాస్క్రిప్ట్ 75 శాతం’ అంటూ పట్టీలు గీసే టెంప్లేట్లు ఈ పని చేయలేవు. ఆ శాతం దేనిలో శాతమో గీసినవాళ్లకే తెలియదు.

ఇలాంటి పేజీలు రెండో మూడో చాలు. యూట్యూబ్ పాఠం చూసి చేసిన కాలిక్యులేటర్, టు-డూ లిస్టు వంటివి తీసేస్తేనే నయం. నలుగురు కలిసి చేసిన మేజర్ ప్రాజెక్టు ఉంటే, అందులో తన చేతి పని ఏదో స్పష్టంగా రాయాలి. మిగతా ముగ్గురి రెజ్యూమెల్లోనూ అదే ప్రాజెక్టు ఉంటుంది. వాళ్లూ అదే కంపెనీకి పంపుతారు.

ఇక సైటును నిలబెట్టడం. ఫ్రెషర్‌కు పైసా ఖర్చు లేని దారి గిట్‌హబ్ పేజెస్. ప్రోగ్రామర్లు కోడు దాచుకునే గిట్‌హబ్ సంస్థే 2008 నుంచి ఈ వసతి ఇస్తోంది. సైటు మొత్తం 1 జీబీ దాటకూడదు, నెలకు 100 జీబీ వరకు ట్రాఫిక్‌ను అనుమతిస్తామని వాళ్ల నియమం. రెజ్యూమె సైటుకు ఇది చాలా ఎక్కువ.

ఖాతా తెరిచేటప్పుడు పెట్టుకునే యూజర్‌నేమే చిరునామా అవుతుంది కాబట్టి అక్కడ కాస్త ఆగాలి. ఇంటర్‌లో సరదాగా పెట్టుకున్న 143 తోక పేర్లు హెచ్‌ఆర్ ముందుకు వెళ్లడం బాగుండదు. పేరు కుదిరాక `username.github.io` అనే పేరుతో పబ్లిక్ రిపాజిటరీ తెరవాలి. ఇక్కడ `username` స్థానంలో తన యూజర్‌నేమే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. అందులో `index.html` అనే ఫైలు పెట్టాలి. `Settings`లో `Pages` తెరిచి, `main` బ్రాంచి నుంచి ప్రచురించమని చూపిస్తే పది నిమిషాల్లోపు ఆ చిరునామాలో పేజీ కనబడుతుంది. మిర్చి ప్రాజెక్టును `mirchi` అనే వేరే రిపాజిటరీలో పెట్టి దానికీ పేజెస్ ఆన్ చేస్తే, `username.github.io/mirchi` దగ్గర గ్రాఫు నడుస్తుంది.

కోడును ఎలా ఎక్కించామన్నది కూడా చూసేవాళ్లకు కనబడుతుంది. ప్రతి మార్పూ తేదీతో సహా కమిట్ల జాబితాలో నమోదవుతుంది. బ్రౌజర్ నుంచి ఫైళ్లన్నీ ఒకేసారి లాగి వదిలితే గిట్‌హబ్ తనంతట తాను `Add files via upload` అని రాసుకుంటుంది. ప్రాజెక్టు మొత్తానికీ ఆ ఒక్క కమిటే ఉంటే, అది అమీర్‌పేట సరుకేమోనన్న అనుమానం రావడం సహజం. అదే పని సాగుతున్న కొద్దీ ఎక్కిస్తూ, ‘సెలవు రోజుల సున్నాలు సరిచేశాను’ అన్నట్టు ఒక్కో మార్పుకు ఒక్కో మాట రాసుకుంటే, ఆ జాబితాయే సాక్ష్యం చెబుతుంది. సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు చేయలేని పని ఇది.

గిట్‌హబ్ పేజెస్‌కు ఒక గట్టి హద్దుంది. ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు పంపడమే తప్ప సర్వర్ వైపు ప్రోగ్రాములు అక్కడ నడవవు. పీహెచ్‌పీ, జావా, పైథాన్ ఫ్లాస్క్ ప్రాజెక్టులు, డేటాబేస్ లాగిన్లు అక్కడ పనిచేయవు. వాటికి వేరే ఉచిత హోస్టింగులు ఉన్నాయి గానీ, చాలావరకు కాసేపు ఎవరూ రాకపోతే నిద్రపోతాయి. తర్వాత వచ్చినవాళ్లు అవి లేచేదాకా తెల్ల తెర చూస్తూ కూర్చోవాలి. అలాంటి ప్రాజెక్టుకు తెర మీద అది నడుస్తుండగా తీసిన చిన్న వీడియో, నాలుగు స్క్రీన్‌షాట్లు, కోడు లింకు పెట్టడం మంచిది.

ఇంకో హద్దు మన అమ్మాయికే ఎదురవుతుంది. ప్రభుత్వ డేటా పోర్టల్ data.gov.in నుంచి ధరలు నేరుగా రప్పించుకోవాలంటే రిజిస్టరై ఒక ఏపీఐ కీ తీసుకోవాలి. ఆ కీని జావాస్క్రిప్ట్‌లో రాసి పబ్లిక్‌గా పెడితే పేజీ సోర్సు తెరిచిన ఎవరికైనా దొరుకుతుంది. తర్వాత చెరిపేసినా పాత కమిట్లలో అలాగే ఉంటుంది. అప్పుడు చేయగలిగింది కీని రద్దు చేయించుకుని కొత్తది తీసుకోవడమే. ఆమె అంత దూరం పోకుండా ధరలను సీఎస్‌వీ ఫైలుగా దించుకుని రిపాజిటరీలో పెట్టేసింది. గ్రాఫు రోజూ తాజాగా మారదు. అందుకే ఏ తేదీ వరకు లెక్కలున్నాయో పేజీ మీద రాసింది.

ల్యాప్‌టాప్‌లో బాగా నడిచిన సైటు ఆన్‌లైన్‌లో కుంటుపడటం మామూలే. దానికి కారణాలూ మామూలువే. ఫోను నుంచి తెచ్చిన ఫొటో పేరు `Photo.JPG`, కోడులో రాసింది `photo.jpg`. విండోస్‌కు రెండూ ఒకటే. గిట్‌హబ్ పేజెస్‌కు పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. ఫొటో స్థానంలో విరిగిన బొమ్మ గుర్తు వస్తే మొదట చూడాల్సింది ఇదే. ఫైళ్ల పేర్లన్నీ చిన్నక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. ఫొటో దారి `C:\Users` అని మొదలైతే అది ఆ ల్యాప్‌టాప్‌లో తప్ప లోకంలో ఎక్కడా కనబడదు.

ఇంతకన్నా నవ్వొచ్చే పొరపాటు ఒకటుంది. వీఎస్ కోడ్‌లో లైవ్ సర్వర్‌తో పేజీ చూసుకుంటే బ్రౌజర్‌లో `127.0.0.1:5500` అనే చిరునామా వస్తుంది. దాన్నే కాపీ చేసి రెజ్యూమెలో అతికించేవాళ్లున్నారు. ఆ అంకెలకు అర్థం ‘ఈ కంప్యూటరే’ అని. హెచ్‌ఆర్ నొక్కితే అది హెచ్‌ఆర్ కంప్యూటర్‌లోనే వెతుకుతుంది, అక్కడ ఏమీ ఉండదు. పంపేముందు లింకును ఇంకొకరి ఫోనులో, మొబైల్ డేటా మీద ఒకసారి తెరిచి చూస్తే ఇలాంటివన్నీ బయటపడతాయి.

ఫోనులో తెరిచినప్పుడు అక్షరాలు చీమల్లా కనబడితే పేజీ తలభాగంలో ఈ వరుస లేదన్నమాట:

```html
<meta name="viewport" content="width=device-width, initial-scale=1">
```

ఇక సొంత చిరునామా. `github.io` తోకతో ఉద్యోగం రాకుండా పోదు, ఆ మాట ముందే చెప్పాలి. చెప్పుకోవడానికి, గుర్తుండటానికి సొంత డొమైన్ బాగుంటుంది. రేపు గిట్‌హబ్ వదిలి ఇంకెక్కడికి మారినా అదే చిరునామా వెంట వస్తుంది. డాట్ ఇన్ డొమైన్ల రిజిస్ట్రీని నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా నిర్వహిస్తుంది. మనం కొనేది మాత్రం దాని గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్ల దగ్గర. తెలుగు లిపిలో డాట్ భారత్ చిరునామాలూ ఉన్నాయి. అయితే అవి చాలాచోట్ల `xn--` అని మొదలయ్యే అర్థం కాని అక్షరాలుగా మారి కనబడతాయి. కాబట్టి రెజ్యూమెకు ఇప్పటికి ఇంగ్లిష్ అక్షరాలే నయం.

కొనేటప్పుడు చూడాల్సింది మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర. డాట్ ఆన్‌లైన్, డాట్ ఎక్స్‌వైజెడ్ వంటివి మొదటి ఏడాది కారుచౌకగా ఇచ్చి, రెండో ఏడాది దానికి ఎన్నో రెట్లు అడగడం కద్దు. బిల్లులోకి ఈమెయిల్, హోస్టింగ్, ఎస్‌ఎస్‌ఎల్ అంటూ అదనాలు చేరతాయి. గిట్‌హబ్ పేజెస్ వాడేవాళ్లకు వాటిలో ఏదీ అక్కర్లేదు. ఖాతాను మాత్రం సొంత జీమెయిల్‌తో తెరవాలి. కాలేజీ మెయిల్ ఐడీ చదువు అయ్యాక మూతపడితే రెన్యువల్ హెచ్చరికలు అందవు, పాస్‌వర్డు మార్చుకునే దారీ ఉండదు. కొన్న మర్నాటి నుంచి వెబ్‌సైట్ చేసిపెడతామంటూ ఎవరో ఒకరు ఫోను చేయవచ్చు. పట్టించుకోనక్కర్లేదు.

కొన్న డొమైన్‌ను సైటుకు కలపడం రెండుచోట్ల చేసే పని. మొదట గిట్‌హబ్‌లో `Pages` కింద `Custom domain` గడిలో డొమైన్ పేరు రాసి సేవ్ చేయాలి. అప్పుడు రిపాజిటరీలో `CNAME` అనే చిన్న ఫైలు పుడుతుంది. తర్వాత రిజిస్ట్రార్ సైటులో డీఎన్‌ఎస్ పేజీ తెరిచి ఈ రికార్డులు పెట్టాలి:

```
A      @    185.199.108.153
A      @    185.199.109.153
A      @    185.199.110.153
A      @    185.199.111.153
CNAME  www  username.github.io
```

మొదటి నాలుగూ గిట్‌హబ్ సర్వర్ల అంకెల చిరునామాలు. ఐదోది `www` పెట్టి వచ్చేవాళ్లకు దారి. ఈ వరస తిప్పకూడదు. డొమైన్‌ను ముందే గిట్‌హబ్ వైపు తిప్పి, అక్కడ పేరు నమోదు చేయకుండా వదిలేస్తే, ఇంకెవరో ఆ పేరును తమ రిపాజిటరీలో రాసుకుని మన చిరునామా మీద వాళ్ల పేజీ నడిపే వీలుంది.

రికార్డులు పెట్టాక అన్నిచోట్లా తెలియడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. అప్పటికీ సైటు రాకుండా రిజిస్ట్రార్ ప్రకటనల పేజీ కనబడుతుంటే, ఎక్కువసార్లు తప్పు ఒక్కచోటే ఉంటుంది. కొన్నప్పుడు రిజిస్ట్రార్ తనంతట తాను పెట్టిన పాత `A` రికార్డు ఇంకా అక్కడే ఉంది. దాన్ని తీసేయాలి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో `nslookup` అని కొట్టి, పక్కన డొమైన్ పేరు రాస్తే అది ఏ అంకెలకు వెళుతోందో తెలుస్తుంది. అందులో డొమైన్ పేరు కింద 185.199తో మొదలయ్యే నాలుగే రావాలి. ఇంకో అంకె కలిసి వస్తే దొంగ దొరికినట్టే.

చిరునామా పక్కన తాళం గుర్తు కోసం `Enforce HTTPS` అనే గడిని టిక్ చేయాలి. మొదట్లో అది బూడిద రంగులో, నొక్కనివ్వకుండా ఉంటుంది. డీఎన్‌ఎస్ సరిగా కుదిరాక గిట్‌హబ్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచితంగా సర్టిఫికెట్ తెస్తుంది, అప్పుడు గడి తెరుచుకుంటుంది. ఈ తాళం లేకపోతే బ్రౌజర్ ‘నాట్ సెక్యూర్’ అంటుంది. ఐటీ ఉద్యోగానికి వచ్చినవాళ్ల సైటు మీద ఆ మాట కనబడటం ఏం బాగుంటుంది? కొన్నాళ్లకు సైటు మార్చాలని రిపాజిటరీలో ఫైళ్లన్నీ చెరిపి కొత్తవి ఎక్కిస్తే, వాటితోపాటు `CNAME` ఫైలు కూడా పోయి డొమైన్ తెగిపోతుంది. నిన్నటిదాకా వచ్చిన సైటు ఇవాళ 404 చూపిస్తే అనుమానించాల్సింది దీన్నే.

ఇదంతా అయ్యాక మిర్చి పేజీకి వేరే ఏర్పాటేమీ చేయనక్కర్లేదు. ప్రధాన సైటుకు డొమైన్ కలిస్తే `mirchi` రిపాజిటరీ కూడా అదే డొమైన్ కింద, చివర `/mirchi` అని చేరి నడుస్తుంది.

సైటులో పెట్టకూడనివీ ఉన్నాయి. పాత బయోడేటా అలవాటు కొద్దీ తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు, ఫోన్ నంబరు అన్నీ ఎక్కించేస్తుంటారు. పీడీఎఫ్ మనం పంపినవాళ్ల దగ్గరికే వెళుతుంది, సైటును ఎవరైనా చూడవచ్చు. ఈ వివరాలు ఉంటే ఓటీపీ మోసగాళ్లకు, నకిలీ ఆఫర్ లెటర్లు పంపేవాళ్లకు పని సులువవుతుంది. మెయిల్ ఐడీ, ఊరి పేరు, లింక్డిన్ చాలు. ఫోన్ నంబరు పీడీఎఫ్‌లోనే ఉండాలి. సైటులో రెజ్యూమె పీడీఎఫ్ డౌన్‌లోడ్‌కు పెడుతుంటే, నంబరు తీసేసిన ప్రతిని పెట్టాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

చివరగా రెన్యువల్ సంగతి. సొంత డొమైన్ కలిపాక పాత `username.github.io` చిరునామా నొక్కినవాళ్లనూ గిట్‌హబ్ కొత్త డొమైన్‌కే పంపిస్తుంది. డొమైన్ గడువు తీరిపోతే రెండు చిరునామాలూ కలిసి ఆగిపోతాయి. డబ్బు కట్టకూడదనుకున్నప్పుడు, గడువుకు ముందే `Custom domain` గడిని ఖాళీ చేసి, డీఎన్‌ఎస్ రికార్డులు తీసేసి, రెజ్యూమెలో లింకు మార్చుకోవాలి. అప్పుడు పాత `github.io` చిరునామాలో సైటు ఖర్చు లేకుండా మళ్లీ నడుస్తుంది.